ఐసీఈఆర్ అంతరం సున్నాను దాటి అటూ ఇటూ పోయినప్పుడు వ్యాసంలో ఫలితాలు ఎలా చూపాలి?

ప్రశ్న: మధుమేహ రోగులకు రెటీనా పరీక్షల మీద మోడల్ చేసి వ్యాసం పంపాను. ఒక్కో వ్యక్తికి సగటు ఖర్చు, క్వాలీలు, అంటే జీవన నాణ్యతతో సరిచూసిన ఆయుష్షు ఏళ్లు, ఇవి: ప్రస్తుత పద్ధతి 18,000 రూపాయలు, 8.200, మూడేళ్లకోసారి శిబిరం 20,400, 8.215; రెండేళ్లకోసారి పరీక్ష 21,600, 8.240, ఏటా పరీక్ష 26,400, 8.256. ఏటా పరీక్షకు ఐసీఈఆర్, అంటే ఒక అదనపు క్వాలీకి అయ్యే అదనపు ఖర్చు, 1,50,000 అనీ, 95 శాతం విశ్వాస అంతరం −4,10,000 నుంచి 9,60,000 అనీ రాశాను. ఈ అంతరానికి అర్థం లేదనీ, పట్టిక కూడా సరిచేయాలనీ రివ్యూయర్ అన్నారు. తప్పెక్కడ? ఎలా రాయాలి?

సమాధానం:

రివ్యూయర్ చెప్పిన రెండు మాటలూ సరైనవే. పట్టికలో ప్రతి పద్ధతినీ ప్రస్తుత పద్ధతితో కాకుండా, పోటీలో మిగిలిన వాటిలో దానికి ఒక్క మెట్టు కింద ఉన్న పద్ధతితో పోల్చండి. ఐసీఈఆర్ పక్కనున్న అంతరాన్ని తీసేసి, అనిశ్చితిని నికర ద్రవ్య ప్రయోజనం మీద చూపండి. ఇది కేవలం రాత మార్పు కాదు. ఇలా చేస్తే మీ వ్యాసం ముగింపే మారుతుంది. మీరిచ్చిన అంకెల ప్రకారం నిలబడేది ఏటా పరీక్ష కాదు, రెండేళ్లకోసారి పరీక్ష.

ముందుగా పట్టిక సంగతి చూద్దాం. మీకు 1,50,000 ఎలా వచ్చిందంటే, ఏటా పరీక్షను నేరుగా ప్రస్తుత పద్ధతితో పోల్చారు. 8,400 రూపాయల అదనపు ఖర్చును 0.056 క్వాలీలతో భాగించారు. లెక్కలో తప్పు లేదు. అడిగిన ప్రశ్నలోనే ఉంది తప్పు. జిల్లా ఆరోగ్య అధికారి ముందున్నవి రెండే దారులు కావు కదా. మధ్యలో రెండేళ్లకోసారి పరీక్ష ఉంది. అది 3,600 రూపాయల అదనపు ఖర్చుతో 0.040 క్వాలీలు ఇస్తోంది. అంటే మీరు చూపించిన 0.056లో ఎక్కువ భాగం ఆ చౌకైన పద్ధతిలోనే దొరుకుతుంది. ఏటా పరీక్ష నిజంగా కొత్తగా ఇచ్చేది మిగిలిన 0.016 మాత్రమే, దానికి మరో 4,800 రూపాయలు పెట్టాలి. ఒక క్వాలీకి 3,00,000 రూపాయలన్నమాట.

లక్ష మంది మధుమేహ రోగులున్న జిల్లాను ఊహించుకుంటే ఈ తేడా బరువు తెలుస్తుంది. అందరినీ రెండేళ్ల పద్ధతి నుంచి ఏటా పద్ధతికి మార్చడానికి 48 కోట్లు కావాలి, వచ్చేది 1,600 క్వాలీలు. అవే 48 కోట్లతో ఇంకా ప్రస్తుత పద్ధతిలోనే ఉన్న వేరే జిల్లాల్లోని 1,33,000 మందికి పైగా రోగులను రెండేళ్ల పద్ధతిలోకి తేవచ్చు, అప్పుడు 5,300కు పైగా క్వాలీలు వస్తాయి. 1,50,000 అన్న సగటు అంకె ఈ విషయాన్ని పూర్తిగా దాచేస్తుంది. అందుకే దీని మీద నేను రివ్యూయర్‌గా ఎప్పుడూ పట్టుబడతాను.

ఇక మూడేళ్లకోసారి శిబిరం. ప్రస్తుత పద్ధతితో పోలిస్తే దానికి 2,400 రూపాయలకు 0.015 క్వాలీలు, అంటే 1,60,000. దాని తర్వాతి మెట్టైన రెండేళ్ల పద్ధతికి శిబిరంతో పోలిస్తే 1,200కు 0.025, అంటే 48,000. మెట్లు ఎక్కుతున్నకొద్దీ నిష్పత్తి పెరగాలి. ఇక్కడ తగ్గింది. అలా తగ్గిందంటే కింది మెట్టు అక్కడ ఉండకూడదని అర్థం. దీన్నే విస్తృత ఆధిపత్యం అంటాం. ఆ పేరు చూసి చాలామంది జంకుతారు గానీ, విషయం తేలిక. రోగుల్లో సగం మందిని ప్రస్తుత పద్ధతిలోనే ఉంచి, మిగతా సగం మందికి రెండేళ్ల పరీక్ష చేయించారనుకోండి. సగటు ఖర్చు 19,800, సగటు క్వాలీలు 8.220. శిబిరానికి 20,400 పెట్టినా 8.215 మాత్రమే వస్తోంది. ఈ మిశ్రమం శిబిరం కంటే చౌక, ప్రయోజనం కూడా ఎక్కువ. కాబట్టి శిబిరం పోటీ నుంచి తప్పుకుంటుంది. అయితే పట్టిక నుంచి దాన్ని తీసేయకండి, వరుసలో ఉంచి నిష్పత్తి గడిలో కారణం రాయండి. పట్టిక ఇలా ఉంటుంది:

| పద్ధతి | ఖర్చు (రూ.) | క్వాలీలు | అదనపు ఖర్చు | అదనపు క్వాలీలు | ఐసీఈఆర్ |
|---|---|---|---|---|---|
| ప్రస్తుత పద్ధతి | 18,000 | 8.200 | – | – | – |
| మూడేళ్లకోసారి శిబిరం | 20,400 | 8.215 | – | – | విస్తృత ఆధిపత్యంతో తొలగింది |
| రెండేళ్లకోసారి పరీక్ష | 21,600 | 8.240 | 3,600 | 0.040 | 90,000 |
| ఏటా పరీక్ష | 26,400 | 8.256 | 4,800 | 0.016 | 3,00,000 |

వరుస ఖర్చు పెరిగే క్రమంలో ఉండాలి. శిబిరం తప్పుకున్నాక రెండేళ్ల పద్ధతిని మళ్లీ ప్రస్తుత పద్ధతితోనే పోల్చాలి, అందుకే 90,000. శిబిరంతో పోల్చిన 48,000 ఎక్కడా కనబడకూడదు.

ఈ పట్టికలో క్వాలీలను మూడు దశాంశాల వరకు రాయడం కూడా ముఖ్యమే. కొన్ని పత్రికల్లో పేజీ అమర్చేటప్పుడు రెండు దశాంశాలకు కుదిస్తారు. అప్పుడు 8.240, 8.256 కాస్తా 8.24, 8.26 అవుతాయి. తేడా 0.016కు బదులు 0.02గా కనబడుతుంది, పాఠకుడు క్యాలిక్యులేటర్ తీసుకుని భాగిస్తే 2,40,000 వస్తుంది, మీరేమో 3,00,000 అని రాశారు. నా వ్యాసం ఒకటి అచ్చుప్రతి దశలో సరిగ్గా ఇలాగే మారింది, చివరి నిమిషంలో చూసి సరిచేయించాను. తేడాల గడులను కుదించని అంకెల నుంచే లెక్కించామని పట్టిక కింద ఒక వాక్యం రాయండి.

ఇప్పుడు అసలు చిక్కు, ఆ అంతరం. మీరు చేసింది నేను ఊహించగలను. 1,000 సిమ్యులేషన్లలో ఒక్కోదానికి నిష్పత్తి లెక్కించి, చిన్నదాని నుంచి పెద్దదాని వరకు పేర్చి, కింద 2.5 శాతం, పైన 2.5 శాతం దగ్గర కోశారు. మామూలు అంకెలకైతే ఇది సరిపోతుంది. నిష్పత్తులకు సరిపోదు, ఎందుకంటే వాటిని అలా పేర్చడానికే వీల్లేదు.

మీ సిమ్యులేషన్లలో ఈ రెండు వచ్చాయనుకోండి. ఒకదానిలో కొత్త పద్ధతికి 3,000 ఎక్కువ ఖర్చయి 0.01 క్వాలీ నష్టం వచ్చింది. మరోదానిలో 3,000 ఆదా అయి 0.01 క్వాలీ లాభం వచ్చింది. రెండింటి నిష్పత్తీ −3,00,000. ఒకటి అన్ని విధాలా చెడ్డది, ఇంకొకటి అన్ని విధాలా మంచిది. మీ పేర్పులో రెండూ పక్కపక్కనే కూర్చున్నాయి. మూడో సిమ్యులేషన్‌లో 3,000 ఆదా అయి 0.03 క్వాలీ లాభం వచ్చిందనుకుందాం. ఇది రెండోదాని కంటే కచ్చితంగా మెరుగు. కానీ దాని నిష్పత్తి −1,00,000, అంటే పేర్పులో మరింత పైకి, ‘ఖరీదైన’ వైపు జరిగింది. ధనాత్మక అంకెలకూ ఇదే బాధ ఉంది. 3,000 ఎక్కువ పెట్టి 0.01 పొందినా, 3,000 ఆదా చేసుకుని 0.01 పోగొట్టుకున్నా వచ్చేది 3,00,000 మాత్రమే. మొదటి సందర్భంలో ఆ అంకె ఎంత చిన్నదైతే అంత మంచిది, రెండో సందర్భంలో ఎంత పెద్దదైతే అంత మంచిది.

దీనికి తోడు, అదనపు క్వాలీ సున్నాకు దగ్గరైతే నిష్పత్తి ఆకాశానికి ఎగురుతుంది. 4,800ను 0.0001తో భాగిస్తే 4.8 కోట్లు. అందుకే సిమ్యులేషన్ల నిష్పత్తుల సగటును ఐసీఈఆర్‌గా ఎప్పుడూ ఇవ్వకండి. రెండే సిమ్యులేషన్లు తీసుకుని చూడండి. రెండింటిలోనూ ఖర్చు 3,000, క్వాలీలు ఒకదానిలో 0.001, మరోదానిలో 0.059. నిష్పత్తులు 30,00,000, సుమారు 51,000. వాటి సగటు 15 లక్షలు దాటుతుంది. ముందుగా సగటు ఖర్చు, సగటు క్వాలీ తీసుకుని ఆ తర్వాత భాగిస్తే 3,000కు 0.030, అంటే 1,00,000. రెండోదే సరైనది.

మరి అంతరం ఎక్కడ చూపాలి? దీనికి 1998లో స్టిన్నెట్, ముల్లాహీ చూపిన దారి ఇప్పటికీ అన్నిటికంటే శుభ్రమైనది. ఒక క్వాలీకి సమాజం ఎంత వరకు పెట్టగలదో ఆ పరిమితితో క్వాలీలను గుణించి, అందులోంచి ఖర్చు తీసేస్తే నికర ద్రవ్య ప్రయోజనం వస్తుంది. ఇది భాగహారం కాదు, తీసివేత. కాబట్టి సున్నా దగ్గర పేలిపోదు, ఎక్కువైతే మంచిదన్న క్రమం ఎప్పుడూ తప్పదు, మామూలు అంకెలాగే సగటూ అంతరమూ తీసుకోవచ్చు.

భారతదేశంలో కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం కింద పనిచేసే హెచ్‌టీఏ ఇన్ అధ్యయనాల్లో సాధారణంగా తలసరి జీడీపీకి ఒక రెట్టును పరిమితిగా తీసుకుంటారు. సులువు కోసం ఇక్కడ 2,00,000 అనుకుందాం. మీరు మాత్రం ఏ సంవత్సరం అంకె తీసుకున్నారో, ధరలు ఏ సంవత్సరానివో వ్యాసంలో రాయాలి. తలసరి జీడీపీకి మూడు రెట్ల వరకు ఖర్చుకు తగిన ఫలితమేనన్న పాత వాడుకను పట్టుకుని ఏటా పరీక్షను గట్టెక్కించే ప్రయత్నం చేయకండి. ఆ కొలమానాన్ని ఒంటరిగా నిర్ణయ సూత్రంగా వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులే 2016లో రాశారు.

2,00,000 దగ్గర లెక్క ఇది. రెండేళ్ల పద్ధతికి ప్రస్తుత పద్ధతితో పోలిస్తే 0.040 క్వాలీల విలువ 8,000, అందులోంచి 3,600 పోతే 4,400 రూపాయల నికర లాభం. ఏటా పద్ధతికి రెండేళ్ల పద్ధతితో పోలిస్తే 0.016 విలువ 3,200, ఖర్చు 4,800, కాబట్టి 1,600 నష్టం. అనిశ్చితి అంతరాన్ని ఈ 4,400 పక్కన, ఈ −1,600 పక్కన రాయండి. అక్కడ సున్నాను దాటినా ఎవరికీ గందరగోళం ఉండదు. సున్నాకు కింద ఉన్న భాగమంతా ‘ఈ పరిమితి దగ్గర ఇది తగదు’ అని ఒకే అర్థం ఇస్తుంది.

ఇంకో మాట. పీఎస్ఏ నుంచి, అంటే పరామితులన్నిటినీ ఒకేసారి మార్చి నడిపే సిమ్యులేషన్ల నుంచి, వచ్చినదాన్ని విశ్వాస అంతరం అనకండి, అనిశ్చితి అంతరం అనండి. విశ్వాస అంతరం నమూనాలోని రోగుల సంఖ్యను బట్టి వస్తుంది. మీది మీరు పరామితులకు ఇచ్చిన విభాజనాల నుంచి వచ్చింది. సిమ్యులేషన్లను 1,000 నుంచి 10,000కు పెంచితే అంతరం అంచులు స్థిరపడతాయే గానీ, అది ఇరుకుకాదు. దాన్ని ఇరుకు చేయగలిగేది కొత్త సమాచారం మాత్రమే.

బొమ్మల్లో రెండు చాలు. మొదటిది ఖర్చు ప్రభావ తలం, అంటే అడ్డంగా అదనపు క్వాలీలు, నిలువుగా అదనపు ఖర్చు, ఒక్కో సిమ్యులేషన్‌కు ఒక్కో చుక్క. ఏ పాదంలో ఎంత శాతం చుక్కలున్నాయో బొమ్మ కింద రాయండి. మీ −4,10,000 ఏ పాదం నుంచి వచ్చిందో పాఠకుడికి తెలిసేది అక్కడే. చుక్కలు దాదాపు అన్నీ పైన కుడి పాదంలోనే ఉంటే, అంటే ఖర్చూ ఎక్కువ, ప్రయోజనమూ ఎక్కువ అయితే, అప్పుడు మాత్రం ఐసీఈఆర్‌కు అంతరం ఇచ్చినా తప్పు కాదు. రోగుల వారీ సమాచారమున్న ట్రయల్స్‌లో ఫీలర్ పద్ధతితోనో బూట్‌స్ట్రాప్‌తోనో అలా ఇస్తూనే ఉంటారు. మీ సందర్భం అది కాదు.

రెండోది ఆమోద వక్రరేఖ. ఇక్కడ చాలామంది జారిపోతారు. నాలుగు పద్ధతులున్నప్పుడు ఒక్కోదాన్నీ విడిగా ప్రస్తుత పద్ధతితో పోల్చి మూడు గీతలు గీస్తారు. 70 శాతం, 65 శాతం, 55 శాతం అని వస్తాయి, వాటితో ఏ నిర్ణయమూ తీసుకోలేం. చేయాల్సింది వేరు. ప్రతి సిమ్యులేషన్‌లో నాలుగింటి నికర ప్రయోజనం లెక్కించి, అన్నిటికంటే ఎక్కువ ఎవరిదో చూడాలి. ఒక్కో పరిమితి దగ్గర నాలుగు శాతాలూ కలిపితే 100 రావాలి. రాకపోతే లెక్క తప్పినట్టే. ఆర్‌లో ఇంతే పని, `cost`, `qaly` రెండింటిలోనూ వరుసకో సిమ్యులేషన్, నిలువుకో పద్ధతి ఉంటుంది:

```r
lambda <- 200000
nmb  <- lambda * qaly - cost
best <- max.col(nmb, ties.method = "first")
table(best) / nrow(nmb)
colMeans(nmb)
```

చివరి వరుసను వదిలేయకండి. సిఫారసు చేయాల్సింది సగటు నికర ప్రయోజనం ఎక్కువ ఉన్న పద్ధతిని, శాతం ఎక్కువ ఉన్నదాన్ని కాదు. ఎక్కువసార్లు కొద్ది తేడాతో గెలిచి, కొన్నిసార్లు భారీగా ఓడిపోయే పద్ధతికి శాతం ఎక్కువ, సగటు తక్కువ కావచ్చు. రెండూ వేర్వేరు పద్ధతులను చూపితే ఆ విషయం వ్యాసంలో బయటికే చెప్పండి.

రాసే ముందు మీ సిమ్యులేషన్లను ఒకసారి అనుమానించమని కూడా అడుగుతున్నాను, ఎందుకంటే మీ అంతరం నాకు మరీ వెడల్పుగా కనిపిస్తోంది. కొన్నేళ్ల క్రితం గర్భాశయ ముఖ క్యాన్సర్ పరీక్షల మోడల్‌లో నాకు ఇలాగే వచ్చింది. పరీక్ష చేస్తే ఆయుష్షు తగ్గుతుందని దాదాపు మూడో వంతు చుక్కలు చెబుతున్నాయి, అలా జరగడానికి వైద్యపరంగా ఏ కారణమూ లేదు. రెండు వారాలు విభాజనాలన్నీ తిరగేశాక దొరికింది. ప్రతి పద్ధతికీ యాదృచ్ఛిక అంకెలను విడివిడిగా తీస్తున్నాను. అంటే ఒకే వరుసలో ఒక పద్ధతికి వ్యాధి వేగంగా ముదురుతోంది, పక్క పద్ధతికి నెమ్మదిగా ముదురుతోంది. అది పద్ధతుల మధ్య తేడా కాదు, రెండు వేర్వేరు జనాభాల మధ్య తేడా. ఒక వరుసలో వ్యాధి గమనం, చికిత్స ఖర్చు, జీవన నాణ్యత విలువలు అన్ని పద్ధతులకూ ఒకటే ఉండాలి. సరిచేశాక ఆ గుండ్రటి చుక్కల గుంపు సన్నటి ఏటవాలు గుంపుగా మారింది. దీన్ని పట్టుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. ఒకే పద్ధతిని రెండు పేర్లతో మోడల్‌లో పెట్టి నడపండి. తేడా ప్రతి వరుసలోనూ కచ్చితంగా సున్నా రావాలి.

ఈ పరీక్ష నెగ్గాక కూడా చుక్కలు ఎడమ పాదాల్లోకి పోతుంటే, రెటీనా పరీక్ష వల్ల నిజంగా హాని జరిగే దారి ఏదైనా మోడల్‌లో ఉందేమో చూడండి. తప్పుడు పాజిటివ్ వచ్చి అనవసర లేజర్ చికిత్స జరగడం లాంటిది. అలాంటిది ఉంటే ఆ చుక్కలకు అర్థం ఉంది, ఉంచండి. లేకపోతే మోడల్‌లోనే ఎక్కడో లోపం ఉంది.

ఫలితాల పేరాను నేనైతే ఇలా రాస్తాను. పట్టిక అంకెలు మీవే, అంతరాలూ శాతాలూ మాత్రం నమూనా కోసం వేసినవి, మీ సిమ్యులేషన్ల అంకెలతో మార్చుకోండి:

> ప్రస్తుత పద్ధతితో పోలిస్తే రెండేళ్లకోసారి పరీక్షకు ఒక్కో వ్యక్తికి 3,600 రూపాయలు అదనంగా ఖర్చయి, 0.040 క్వాలీలు అదనంగా వచ్చాయి. ఐసీఈఆర్ ఒక క్వాలీకి 90,000 రూపాయలు. మూడేళ్లకోసారి శిబిరం విస్తృత ఆధిపత్యం వల్ల తొలగింది. రెండేళ్ల పద్ధతితో పోలిస్తే ఏటా పరీక్ష ఐసీఈఆర్ 3,00,000 రూపాయలు. ఒక క్వాలీకి 2,00,000 రూపాయల పరిమితి దగ్గర రెండేళ్ల పద్ధతి అదనపు నికర ద్రవ్య ప్రయోజనం 4,400 రూపాయలు (95 శాతం అనిశ్చితి అంతరం −1,900 నుంచి 10,800), ఏటా పద్ధతిది −1,600 రూపాయలు (−6,200 నుంచి 3,500). అదే పరిమితి దగ్గర అత్యధిక నికర ప్రయోజనం రెండేళ్ల పద్ధతికి 58 శాతం, ఏటా పద్ధతికి 27 శాతం, ప్రస్తుత పద్ధతికి 9 శాతం, శిబిరానికి 6 శాతం సిమ్యులేషన్లలో వచ్చింది.

58 శాతాన్ని చూసి ‘ప్రాముఖ్యం లేదు’ అని రాయవద్దు. ఇది పరికల్పన పరీక్ష కాదు, 95 దాటాలన్న నియమం ఇక్కడ లేదు. ఏదో ఒక పద్ధతిని అమలు చేయక తప్పదు, ప్రస్తుత పద్ధతిని కొనసాగించడం కూడా ఒక నిర్ణయమే. మిగిలిన 42 శాతం చెప్పేది, మరింత సమాచారం సేకరించడం విలువైనదేమో ఆలోచించమని.

పద్ధతుల విభాగంలో ఏ పరామితికి ఏ విభాజనం వాడారో పట్టిక ఇవ్వండి. మామూలుగా సంభావ్యతలకు బీటా, ఖర్చులకు గామా, సాపేక్ష ముప్పుకు లాగ్‌నార్మల్ వాడతాం. ఒక్కో పరామితిని విడిగా మార్చి చూసే టోర్నడో బొమ్మ ఉంటే దాని అడ్డగీతను కూడా నికర ప్రయోజనంలోకి మార్చండి, ఐసీఈఆర్‌తో గీస్తే అక్కడా ఇదే ఇబ్బంది వస్తుంది. అన్నిటికీ ప్లస్ ఆర్ మైనస్ 20 శాతం అని పెట్టేయకుండా, ఆధారం ఉన్నచోట ఆధారం చెప్పే హద్దులు వాడండి. ఇలాంటి ఆర్థిక మూల్యాంకన వ్యాసాల్లో ఏమేం రాయాలో చెప్పే 28 అంశాల చీర్స్ 2022 జాబితాను నింపి జతచేస్తే, అనిశ్చితికి సంబంధించిన గడులు ఏ పేజీలో ఉన్నాయో ఎడిటర్‌కు వెతుక్కునే పని ఉండదు.

రివ్యూయర్‌కు రాసే జవాబులో సమర్థన అక్కర్లేదు. ‘ఏటా పరీక్షను తర్వాతి చౌక పద్ధతితో పోల్చి పట్టిక 2ను తిరిగి లెక్కించాం, ఐసీఈఆర్ 1,50,000 నుంచి 3,00,000కు మారింది, ముగింపు, సారాంశం, శీర్షిక తదనుగుణంగా మార్చాం, ఐసీఈఆర్ అంతరాన్ని తొలగించి నికర ద్రవ్య ప్రయోజనానికి అనిశ్చితి అంతరం ఇచ్చాం’ అని రాసి, మారిన పంక్తుల సంఖ్యలు ఇవ్వండి. సారాంశాన్ని మార్చడం మరచిపోకండి, సవరించిన ప్రతుల్లో పాత అంకె ఎక్కువగా మిగిలిపోయేది అక్కడే.